ఒకే గిన్నెలో సగం అటుకులు ముద్ద, సగం పలుకు. తప్పు ఎక్కడ?

మూడోగరిటె
అటుకుల ఉప్మా ముందు నేను ఓడిపోయాను. ఈ వారం మూడుసార్లు చేశాను, మూడు రకాలుగా చెడింది.

మొదటిరోజు గిన్నెలో అటుకులు పోసి, మునిగేలా నీళ్ళు పోసి, ఉల్లిపాయలు తరిగేలోపు నానతాయిలే అని వదిలేశాను. పది నిమిషాల తర్వాత చూస్తే పసిపిల్లలకు తినిపించే గుజ్జులా ఉంది. రెండోరోజు ఆ భయంతో చిల్లుల గిన్నెలో వేసి, కుళాయి కింద ఒక్కసారి తిప్పి, వెంటనే పోపులో వేశాను. అవి తింటుంటే పక్క గదిలోకి వినిపించింది. మూడోరోజు మధ్యేమార్గంగా రెండు నిమిషాలు నానబెట్టి వార్చాను. ఈసారి ఇంకా విచిత్రం. ఒకే చెంచాలో కొన్ని పేస్టులా అతుక్కున్నాయి, కొన్ని మధ్యలో పలుకుగా ఉన్నాయి. మెత్తబడితే అన్నీ మెత్తబడాలి, లేకపోతే అన్నీ గట్టిగా ఉండాలి కదా. రెండూ ఒకేసారి ఎలా జరుగుతాయి?

ప్యాకెట్ మీద మందపు అటుకులు అని ఉంది. మామూలు కుళాయి నీళ్ళే. ఎన్ని నిమిషాలు నానబెట్టాలో ఒక్క అంకె చెప్పండి, చాలు.

పోపుగింజ
రెండు నిమిషాలు.

నిదానమేప్రధానం
పది నిమిషాలు. మా ఇంట్లో ముప్పై ఏళ్ళుగా ఇదే లెక్క, ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

మూడోగరిటె
ఒక్క అంకె అడిగితే రెండు వచ్చాయి. పైగా ఆ రెండూ నేను ఇప్పటికే చేసి చెడగొట్టినవే.

డబ్బామూత
మా ఇంట్లోనూ అటుకులు మెత్తబడిపోతున్నాయి. గాలి చొరబడని డబ్బాలో పోసి మూత గట్టిగా పెట్టండి. అయినా మెత్తబడితే ఖాళీ బాణలిలో సన్నని మంట మీద రెండు నిమిషాలు వేయిస్తే మళ్ళీ కరకరలాడతాయి.

పోపుగింజ
డబ్బామూత గారూ, ఆయన బాధ డబ్బాలో మెత్తబడటం కాదండీ, బాణలిలో.

డబ్బామూత
ఓహో. అయితే నా సలహా అటుకుల మిక్చరు చేసేవాళ్ళకు దాచిపెట్టండి.

మిల్లుమేనల్లుడు
చిన్నప్పుడు సెలవులన్నీ మా మేనమామ అటుకుల మిల్లులో గడిపాను. అక్కడ చూసినది చెబితే మూడోగరిటె గారి విచిత్రం విచిత్రంగా అనిపించదు.

అటుకు పచ్చి బియ్యం కాదు. వడ్లను వేడినీళ్ళలో చాలాసేపు నానబెడతారు, నీళ్ళు వార్చి, కాగిన ఇసుకలో వేయిస్తారు, వేడి తగ్గకముందే ఒత్తి చదును చేస్తారు. పొట్టు, తవుడు ఆ దశల్లోనే చాలావరకు పోతాయి. అంటే లోపలి గింజ అప్పటికే ఉడికి, ఆ తర్వాత ఆరిపోయింది. మనం వంటింట్లో దాన్ని ఉడికించడం లేదు. మిల్లులో పోగొట్టుకున్న నీటిని తిరిగి ఇస్తున్నాం, అంతే. చల్లటి నీళ్ళకే అటుకు మెత్తబడేది ఇందుకే. బియ్యం అలా మెత్తబడదు కదా.

ఇప్పుడు ఆ నీళ్ళు ఎలా వెళ్తాయో చూడండి. ముందు పైపొర తడుస్తుంది. అక్కడి నుంచి మధ్యకు చేరడానికి కొంత సమయం కావాలి. ఈలోగా అటుకు ఇంకా నీళ్ళలోనే మునిగి ఉంటే పైపొర తన అవసరానికి మించి తాగేస్తుంది, ఉబ్బుతుంది, జిగురు వదులుతుంది. మధ్యలో మాత్రం ఇంకా పలుకే. బయట ముద్ద, లోపల రాయి. ఆ స్థితిలో గరిటె పెడితే పైపొర ఊడి పేస్టు అవుతుంది, పలుకు మిగులుతుంది. మీ మూడోరోజు కథలో కొంత భాగం ఇదే.

అందుకే నేను నిమిషాల లెక్క నీళ్ళలో వెయ్యను, నీళ్ళు వార్చాక వేస్తాను. తడపడానికి అర నిమిషం, ఒక నిమిషం. ఆ తర్వాత చిల్లుల గిన్నెలో పది నిమిషాలు వదిలెయ్యాలి. పైన అంటుకున్న నీళ్ళు ఆ పది నిమిషాల్లో మెల్లగా లోపలికి ఇంకుతాయి. కొత్తగా నీళ్ళు వచ్చి చేరవు కాబట్టి పైపొర అతిగా తాగలేదు.

నిదానమేప్రధానం
చెప్పింది బాగుంది. కానీ నేను పది నిమిషాలు నీళ్ళలోనే ఉంచుతాను. నావి ముద్ద కావు. దీనికి ఏమంటారు?

మిల్లుమేనల్లుడు
మీ అటుకులు ఎలాంటివి? చేతిలోకి తీసుకుంటే వంగుతాయా, విరుగుతాయా?

నిదానమేప్రధానం
వంగవు. గోరంత మందం. ఎర్రగా ఉంటాయి.

పోపుగింజ
ఎర్ర అటుకులా! ఆ మాట ముందే చెప్పాలి కదండీ.

నిదానమేప్రధానం
అటుకులంటే మా ఇంట్లో అవే. తెల్లవి కూడా ఉంటాయని ఈ చర్చలో గుర్తొచ్చింది.

మిల్లుమేనల్లుడు
అయితే మీ పది నిమిషాలు మీకు సరైనవే. ఎర్రవాటికి తవుడు పొర ఇంకా అంటుకుని ఉంటుంది. అది నీటిని తొందరగా లోపలికి రానివ్వదు. పైగా మందం. మీ లెక్కను ఆయన తెల్ల అటుకులకు పెడితే గుజ్జు ఖాయం, ఆయన మొదటిరోజు అదే జరిగింది. పోపుగింజ గారి రెండు నిమిషాలు కూడా ఏదో ఒక అటుకుకు సరిపోతాయి. అందుకే అంకె అడగవద్దు అంటాను. అటుకునే అడగాలి.

మూడోగరిటె
అటుకును అడగడం అంటే?

మిల్లుమేనల్లుడు
వార్చిన కుప్పలోంచి ఒకటి తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కండి. మూడు రకాలుగా సమాధానం చెబుతుంది. నొక్కితే చదునుగా నలిగి రెండు ముక్కలైతే సరిగ్గా నానింది. మధ్యలో ఇసుకరేణువులా ఏదో తగిలితే ఇంకా నానాలి. నొక్కకముందే వేలికి పాకి జారితే ఎక్కువ తాగింది. ఒక్కటి చూసి నిర్ణయించవద్దు, పైనుంచి రెండు, మధ్యనుంచి రెండు, అడుగునుంచి రెండు చూడండి.

వేడినీళ్ళకాంతం
ఇంత తతంగం ఎందుకు? గోరువెచ్చని నీళ్ళు చల్లి మూత పెట్టండి. నేను అటుకులు ఎప్పుడూ కడగను. కడిగితేనే ముద్ద అవుతాయి.

పోపుగింజ
కడగకపోతే దుమ్ము?

వేడినీళ్ళకాంతం
జల్లిస్తాను.

రెండోకాఫీ
కాంతం గారి మాటలో సగం నిజం ఉంది. పల్చటి అటుకులు, అవే కాగితంలా ఉండేవి, కుళాయి కింద పెడితే పని అయిపోతుంది. వాటికి నీళ్ళు చిలకరించి, చేత్తో పైకి కిందకి తిరగేసి, ఐదు నిమిషాలు ఉంచితే చాలు. మందపువాటికి ఆ పద్ధతి పనిచెయ్యదు. పై వరుస తడుస్తుంది, కింద ఉన్నవాటికి కబురు కూడా అందదు.

వేడినీళ్ళ సంగతి మాత్రం నేను ఒప్పుకోను. వేడినీళ్ళు తొందరగా లోపలికి వెళ్తాయి, నిజమే. పైపొర జిగురు వదలడం కూడా అంతే తొందరగా జరుగుతుంది. తప్పు చెయ్యడానికి చల్లనీళ్ళు రెండు నిమిషాలు గడువు ఇస్తే వేడినీళ్ళు ఇరవై సెకన్లు ఇస్తాయి.

వేడినీళ్ళకాంతం
నేను గోరువెచ్చని అన్నాను, మీరు మరిగే నీళ్ళు అనుకుంటున్నారు. చలికాలంలో కుళాయి నీళ్ళు మంచులా ఉన్నప్పుడు నా పద్ధతి చేసి చూడండి, అప్పుడు మాట్లాడుకుందాం.

రెండోకాఫీ
చలికాలం మాట ఒప్పుకుంటాను. ఎర్ర అటుకులకైతే ఇంకా ఒప్పుకుంటాను.

తూకంరాళ్ళు
వాదన చూస్తే చేతులు ఊరుకోలేదు. వంటింటి త్రాసు తీశాను. ఇంట్లో తెల్ల మందపు అటుకులు ఉన్నాయి. రెండు గిన్నెల్లో 100 గ్రాముల చొప్పున తీసుకున్నాను.

మొదటి గిన్నె: చిల్లుల గిన్నెలో వేసి, దాన్నే పెద్ద నీళ్ళ గిన్నెలో ముంచి, వేళ్ళతో రెండుసార్లు కదిపి, అర నిమిషానికి పైకి తీసి, బాగా విదిలించాను. తూకం 168 గ్రాములు. వెంటనే పది అటుకులు నొక్కి చూస్తే ఏడింటిలో పలుకు తగిలింది. అలాగే వదిలేసి పది నిమిషాలకు మళ్ళీ తూచాను. 165. కింద పళ్ళెంలో నాలుగు చుక్కలు. మళ్ళీ పది నొక్కాను. పలుకు ఒక్కదానిలోనే.

ఇది గమనించండి. తూకం పెరగలేదు, నిజానికి కొంచెం తగ్గింది. అయినా మెత్తబడ్డాయి. అంటే కావలసిన నీళ్ళు అర నిమిషంలోనే వచ్చేశాయి, చోటు మారడానికి పది నిమిషాలు పట్టింది. మిల్లుమేనల్లుడు గారు చెప్పింది త్రాసు కూడా చెప్పింది.

రెండో గిన్నె: నాలుగు నిమిషాలు నీళ్ళలో ముంచి వార్చాను. 220 దాటింది. పలుకు లేదు, కానీ చెయ్యి పెడితే అంటుకుంది. దాన్ని పది నిమిషాలు ఆరబెట్టినా ఆ జిగురు పోలేదు.

పోపుగింజ
ఉప్మా చేశారా, లేక తూచి పారేశారా?

తూకంరాళ్ళు
మొదటిది ఉప్మా అయింది. రెండోదానిలో బియ్యప్పిండి, పచ్చిమిర్చి కలిపి వడలు వేశాను. ప్రయోగశాలలో వృథా ఉండదు.

మూడోగరిటె
త్రాసు గారికి దండం. కానీ నా అసలు ప్రశ్న ఇంకా మిగిలింది. నేను కూడా మూడోరోజు రెండు నిమిషాలే ఉంచాను. పేస్టు అయినవీ పలుకు ఉన్నవీ వేర్వేరు అటుకులు. ఒకే అటుకులో బయట ముద్ద, లోపల పలుకు అంటే అర్థమైంది. కానీ కొన్నింటిలో పలుకే లేదు, పూర్తిగా కరిగిపోయాయి.

మిల్లుమేనల్లుడు
ఒక పని చెయ్యండి. పొడి అటుకులు పిడికెడు తెల్ల పళ్ళెంలో పరిచి, వెలుతురులో చూసి, ఏమేమి కనిపించాయో ఇక్కడ రాయండి.

మూడోగరిటె
చూశాను. నిండు అటుకులు ఉన్నాయి, సగానికి విరిగినవి చాలా ఉన్నాయి, అడుగున నూకలాంటిది, తెల్లటి పొడి. ఇంకో సంగతి. నిండు అటుకులు కూడా అన్నీ ఒకే మందం లేవు. కొన్నింటిలోంచి వేలు నీడగా కనిపిస్తోంది, కొన్నింటిలోంచి కనిపించడం లేదు.

మిల్లుమేనల్లుడు
మీ దొంగలు దొరికారు, ఇద్దరు.

ఒకటి ఆ పొడి. అటుకులు సంచిలో రాసుకుని రాలిన పిండి అది. నీళ్ళు తగలగానే జిగురవుతుంది, నిండు అటుకులకు పూతలా పట్టుకుంటుంది. చాలామంది ముద్ద అయింది అనేది నిజానికి అటుకు ముద్ద కాదు, పొడి ముద్ద. అటుకు లోపల బాగానే ఉంటుంది.

రెండోది మందంలో తేడా. ఒత్తే యంత్రంలో ఎడం కాస్త మారినా, వడ్లు సమంగా నానకపోయినా ఒకే సంచిలో రెండు మందాలు వస్తాయి. పల్చటిది ఒక నిమిషంలో నానితే మందపుది మూడు నిమిషాలు అడుగుతుంది. రెండింటినీ కలిపి రెండు నిమిషాలు ఉంచితే ఒకటి కరిగిపోతుంది, ఇంకొకటి పలుకుగా మిగులుతుంది. మీరు సరిగ్గా అదే చేశారు.

నిదానమేప్రధానం
అయితే కూర్చుని మందాలు ఏరమంటారా?

మిల్లుమేనల్లుడు
అక్కరలేదు. జల్లించండి. గోధుమరవ్వ జల్లెడ సరిపోతుంది. పొడి, నూక రాలిపోతాయి. ఆ తర్వాత పల్చటివాటికి సరిపడా మాత్రమే తడపండి, అంటే అర నిమిషం. మందపువి తర్వాత ఆ పది నిమిషాల్లో మెల్లగా నానతాయి. అప్పటికీ పలుకు ఉంటే రెండు చెంచాల నీళ్ళు చిలకరించి ఇంకో ఐదు నిమిషాలు ఉంచండి. తక్కువైతే నీళ్ళు కలుపుకోవచ్చు. ఎక్కువైతే తీసెయ్యలేరు.

అత్తగారిజల్లెడ
ఇంకొకటి కూడా చెప్పాలి. చిల్లుల గిన్నెలో కుప్పగా వదిలేస్తే అడుగువి పైవాటి బరువుకు నలిగి, కారే నీళ్ళలోనే కూర్చుంటాయి. మా పెద్దకోడలు ఆ గిన్నెను పళ్ళెంలో పెట్టేది. కారిన నీళ్ళు పళ్ళెంలో నిలిచి గిన్నె అడుగును తాకేవి. పై సగం బాగుండేది, కింద సగం పాయసం. నెలరోజులు అటుకులను తిట్టుకుంది పాపం. ఒకరోజు నేను పళ్ళెం తీసేసి గిన్నెను చెంబు మీద నిలబెట్టాను. అంతే.

పోపుగింజ
చెంబు మీద గిన్నె. ఈ చర్చలో ఇప్పటిదాకా నాకు అర్థమైన మొదటి మాట.

అత్తగారిజల్లెడ
కడిగేటప్పుడు పిసకవద్దని కూడా చెప్పండి. బియ్యం కడిగినట్టు అరచేతులతో రుద్దేవాళ్ళను చూశాను. అటుకు అంచు పల్చగా ఉంటుంది, తడిస్తే ముందు అదే ఊడుతుంది. వేళ్ళు విప్పి నీళ్ళలో అలా తిప్పాలి.

బాక్సుబాధితుడు
నా కేసు వేరు. ఇంట్లో పొయ్యి మీదినుంచి తింటే దూదిలా ఉంటుంది. అదే డబ్బాలో పెట్టుకుని మధ్యాహ్నం తెరిస్తే బిరుసుగా, అట్టముక్కల్లా ఉంటుంది. ఇంకా ఎక్కువ నానబెట్టాలా?

రెండోకాఫీ
వద్దు. మీవి పొయ్యి దగ్గర మెత్తగా ఉన్నాయంటే సరిగ్గానే నానాయి. ఉడికిన పిండిపదార్థం చల్లారితే గట్టిపడుతుంది. రాత్రి అన్నం ఉదయానికి బిరుసెక్కేది కూడా ఇందుకే. ఇది నానకపోవడం వల్ల వచ్చిన గట్టితనం కాదు. ఎలా గుర్తుపట్టాలంటే, రెండు చెంచాల నీళ్ళు చిలకరించి మూతపెట్టి వేడిచేస్తే మీవి మళ్ళీ మెత్తబడతాయి. నానక పలుకుగా మిగిలినవి అంత తేలిగ్గా దారికి రావు. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా బిరుసు.

బాక్సుబాధితుడు
ఆఫీసులో వేడిచేసుకునే వీలు లేదు.

అత్తగారిజల్లెడ
పోపులో నూనె ఒక చెంచా పెంచండి, అర చెంచా చక్కెర వెయ్యండి. వేడిగా ఉండగా డబ్బా మూత పెట్టకుండా, ఆవిరి కాస్త తగ్గాక పెట్టండి. పూర్తిగా ఆపలేరు, ఓ గంట వాయిదా వేయగలరు.

పోపుగింజ
చక్కెరా? ఉప్మాలోనా?

అత్తగారిజల్లెడ
అర చెంచా తియ్యగా తెలియదు నాయనా. తడి పట్టి ఉంచుతుంది.

వేడినీళ్ళకాంతం
ఉప్పు సంగతి ఎవరూ ఎత్తలేదు. వార్చిన వెంటనే ఉప్పు, పసుపు అటుకులకే కలిపి ఉంచాలి. అప్పుడు ముద్ద కావు.

తూకంరాళ్ళు
ఉప్పు వేస్తే ముద్ద కావన్నది నాకు తేడా కనిపించలేదు. సగానికి కలిపాను, సగానికి కలపలేదు. మెత్తదనం ఒకటే. కానీ ఇంకో లాభం ఉంది. ముందే కలిపితే బాణలిలో ఉప్పు సర్దడానికి గరిటె తిప్పే పని తగ్గుతుంది. తిప్పడం తగ్గితే విరగడం తగ్గుతుంది.

వేడినీళ్ళకాంతం
అంటే ముద్ద కావనే కదా అర్థం. దారి వేరైతే ఏమిటి, ఊరు చేరామా లేదా?

మిల్లుమేనల్లుడు
దీనికి నా దగ్గర సమాధానం లేదు, కాంతం గారు గెలిచినట్టే.

బాణలి మాట వచ్చింది కాబట్టి. మూడోగరిటె గారి రెండోరోజు తప్పు సగం సింకులో, సగం పొయ్యి మీద జరిగింది. పలుకుగా ఉన్న అటుకును నూనెలో వేస్తే పైన నూనె పొర పట్టుకుంటుంది. ఆ తర్వాత నీళ్ళు చల్లినా లోపలికి సరిగ్గా వెళ్ళవు. పైగా మంట దానిలో ఉన్న కొద్ది తేమను కూడా లాగేస్తుంది. అందుకే బాణలిలో మెత్తబడతాయిలే అని ఎప్పుడూ వదలవద్దు. పలుకు పోయాకే నూనె దగ్గరికి పంపాలి.

రెండోకాఫీ
అలాగే ఉల్లిపాయలోని నీళ్ళు. ఉల్లి పచ్చిగా ఉండగానే అటుకులు వేస్తే ఆ తడి కూడా వీటికే చేరుతుంది. ఉల్లి మెత్తబడి నీళ్ళు ఇగిరాక, మంట తగ్గించి, అటుకులు వేసి, గరిటెతో కిందనుంచి రెండుసార్లు పైకి తిరగేసి, మూతపెట్టి రెండు నిమిషాలు. ఆపెయ్యడం. ఇంతకన్నా ఎక్కువసేపు మూత ఉంచితే మూత మీద పేరుకున్న ఆవిరి చుక్కలుగా రాలి మధ్యలో ఒక ముద్ద తయారవుతుంది.

నిదానమేప్రధానం
ఆ ముద్ద నాకు ప్రతిసారీ వస్తుంది! గిన్నెలో నడిమధ్యన, రూపాయి బిళ్ళంత. దాని సంగతి ఎవరికీ చెప్పలేదు, నేనే తినేసేవాణ్ణి.

మూడోగరిటె
ఈ ఉదయం చేశాను. చెప్పినట్టే రాస్తున్నాను, పొరపాట్లతో సహా.

రెండు కప్పుల అటుకులు జల్లించాను. రాలిన పొడి, నూక కలిపి రెండు చెంచాలు. ఇన్నాళ్ళూ అది నా ఉప్మాలో ఉంది! చిల్లుల గిన్నెలో వేసి, నీళ్ళలో ముంచి, వేళ్ళు విప్పి తిప్పాను. ముప్పై లెక్కపెట్టి తీశాను. మొదటి నీళ్ళు పాలలా వచ్చాయి, అందుకని ఇంకోసారి ముంచి వెంటనే తీశాను. విదిలించి చెంబు మీద నిలబెట్టాను. చెంబు మూతి చిన్నది, గిన్నె ఒకసారి ఒరిగింది, పిడికెడు సింకులో పడ్డాయి. అవి పోయాయి.

ఐదు నిమిషాలకు ఆరు అటుకులు నొక్కాను. పైవి రెండూ పలుకు, మధ్యవి ఒకటి అటు ఒకటి ఇటు, అడుగువి మెత్తన. వేళ్ళతో పైవి కిందికి, కిందివి పైకి తిరగేశాను. ఇంకో ఐదు నిమిషాలు. ఇప్పుడు ఆరింటిలో ఒకటే పలుకు. రెండు చెంచాల నీళ్ళు పైన చిలకరించి, ఉప్పు, పసుపు కలిపి ఆ గ్యాపులో పోపు పెట్టాను.

అటుకులు విడివిడిగా నిలబడ్డాయి. పలుకు అక్కడక్కడా ఒకటీ అరా తగిలింది. పేస్టు లేదు. మధ్యలో రూపాయి బిళ్ళ మాత్రం వచ్చింది, మూత తియ్యడం మరిచిపోయి ఫోను చూస్తున్నాను.

పోపుగింజ
ఎంతసేపు నానబెట్టినట్టు అయింది మొత్తం?

మూడోగరిటె
నీళ్ళలో రెండు ముంపులూ కలిపి ముప్పై అయిదు సెకన్లు. నీళ్ళ బయట పది, చిలకరించాక ఇంకో నాలుగు.

పోపుగింజ
నా రెండు నిమిషాలు ఎక్కడా లేవన్నమాట.

మిల్లుమేనల్లుడు
ఆ మిగిలిన పలుకు మందపు అటుకులదే అయి ఉంటుంది. వచ్చేసారి రెండో ముంపు కూడా పది సెకన్లు ఉంచి చూడండి. ఇంకో సంచి తెరిస్తే మాత్రం ఈ లెక్క పనికి రాకపోవచ్చు, మళ్ళీ ఆరు అటుకులు నొక్కవలసిందే.

డబ్బామూత
ఆ జల్లించిన పొడి పారేశారా? దోసెపిండిలో కలుపుకోవచ్చు.

మూడోగరిటె
డబ్బాలో పోసి మూత గట్టిగా పెట్టాను.